కాపలాదారు కూడా మోడలే అయితే

ఒక ఫొటోను చూసి ‘పాండా’ అని 57.7 శాతం నమ్మకంతో చెప్పిన కంప్యూటర్, మన కంటికి అచ్చం అలాగే కనిపించే మరో ఫొటోను చూసి ‘గిబ్బన్’ అంది. గిబ్బన్ అంటే తోకలేని ఒక జాతి వానరం. ఈసారి దాని నమ్మకం 99.3 శాతం. ఇయాన్ గుడ్‌ఫెలో, జొనాథన్ ష్లెన్స్, క్రిస్టియన్ సెగెడీ 2014 చివర్లో వెలువరించిన పరిశోధన పత్రంలోని ఉదాహరణ ఇది. దాడి కోసమే ఇలా మలిచిన ఇన్‌పుట్‌ను అడ్వర్సేరియల్ ఉదాహరణ అంటారు. పదేళ్లకు పైబడిన ఈ ఫలితాన్ని సరిగా అర్థం చేసుకుంటే, నేటి చాట్ సహాయకులపై జరిగే ప్రాంప్ట్ ఇంజెక్షన్ దాడులను ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఆపలేమో కూడా తెలుస్తుంది.

మోడల్‌కు ఆ ఫొటో సుమారు లక్షన్నర అంకెల వరుస. దాడి చేసేవారు ప్రతి అంకెనూ 0.007 మేర మాత్రమే పెంచారు, లేదా తగ్గించారు. దేన్ని పెంచాలో, దేన్ని తగ్గించాలో చెప్పేది శిక్షణలో వాడే గణితమే. శిక్షణలో ఫొటోను కదపకుండా, తప్పు తగ్గేలా మోడల్‌లోని విలువలను మారుస్తారు. ఇక్కడ మోడల్‌ను కదపకుండా, తప్పు పెరిగేలా ఫొటోను మార్చారు. అదే పరిమాణంలో గుడ్డిగా మార్పులు చేస్తే కొన్ని అటు, కొన్ని ఇటు లాగి చాలావరకు రద్దయిపోతాయి. లెక్కకట్టి చేస్తే లక్షన్నర చిన్న తోపులూ ఒకే దిక్కుకు పడతాయి. విడిగా ఏదీ కంటికి ఆనదు, కానీ మొత్తం కలిసి తీర్పును తిరగేస్తుంది. అంటే ఇది ప్రోగ్రామర్ పొరపాటు కాదు. వేల అంకెలను తూకం వేసి కూడి తీర్పు చెప్పే పద్ధతిలోనే ఉన్న లక్షణం.

ప్రాంప్ట్ ఇంజెక్షన్‌కు ఇంత లెక్క కూడా అక్కర్లేదు, మామూలు వాక్యం చాలు. యజమాని ఆదేశమూ, చదవమని ఇచ్చిన ఈమెయిలూ భాషా మోడల్‌కు ఒకే పదాల ప్రవాహంగా చేరతాయి. ఏది ఆజ్ఞ, ఏది కేవలం సమాచారం అన్నది మోడల్ ఊహించుకోవాల్సిందే. 2025 జూన్‌లో బయటపడిన ఎకోలీక్ (CVE-2025-32711) దీనికి మంచి ఉదాహరణ. మైక్రోసాఫ్ట్ 365 కోపైలట్ వాడే ఉద్యోగికి బయటివారు ఒక ఈమెయిల్ పంపితే చాలు, దాన్ని ఆయన తెరవనక్కర్లేదు. తర్వాత ఎప్పుడో ఆయన సంబంధిత ప్రశ్న అడిగినప్పుడు కోపైలట్ ఆ ఈమెయిల్‌ను కూడా వెతికి తెచ్చుకుంటుంది. అందులోని సూచనల ప్రకారం సంస్థ రహస్య సమాచారాన్ని ఒక బొమ్మ చిరునామాలో కూరుస్తుంది. బొమ్మను చూపించడానికి బ్రౌజర్ ఆ చిరునామాను దానంతటదే తెరిచేసరికి రహస్యం బయటికి పోతుంది. మైక్రోసాఫ్ట్ దీన్ని సరిచేసింది. వినియోగదారులెవరికీ నష్టం జరగలేదని కూడా తెలిపింది.

ఇందులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది వేరే ఉంది. ఇలాంటి ఈమెయిళ్లను పట్టుకునే వడపోత అక్కడ అప్పటికే ఉంది. అదీ ఉదాహరణల నుంచి నేర్చుకున్న మోడలే. ఎకోలీక్‌ను కనిపెట్టిన పరిశోధకులు ఈమెయిల్‌లో కోపైలట్ పేరెత్తకుండా, సూచనలన్నీ చదివే మనిషికే చెబుతున్నట్టు రాశారు. వడపోత దాన్ని మామూలు ఉత్తరం అనుకుని వదిలేసింది. పాండా కథలో అంకెలు చేసిన పనే ఇక్కడ మాటలు చేశాయి. దొంగను పట్టాల్సిన కాపలాదారుకూ మోడల్‌కున్న బలహీనతే ఉంది.

శిక్షణ ఇంకా గట్టిగా ఇస్తే సరిపోదా అని అడిగేవారున్నారు. శిక్షణ దాడి ఖర్చును పెంచుతుంది, అది నిజమే. కానీ 2018లో అనీష్ అథల్యే, నికొలస్ కార్లినీ, డేవిడ్ వాగ్నర్ ఒక ప్రధాన సదస్సు అంగీకరించిన తొమ్మిది రక్షణ పద్ధతులను పరిశీలించారు. ఏడు పద్ధతులు దాడి దిక్కును లెక్కకు అందకుండా దాచడంపైనే ఆధారపడ్డాయి. వాటిలో ఆరింటిని పూర్తిగా, ఒకదాన్ని కొంతమేర ఛేదించారు. పాత దాడిని ఆపిందన్న రుజువు, రక్షణను చదివి కొత్త దాడి రాసేవాడి ముందు నిలవదు. నూటికి తొంభైతొమ్మిది పట్టే వడపోత కూడా, వందసార్లు తీరిగ్గా ప్రయత్నించగలవాడికి అడ్డుగోడ కాదు.

ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌ను అదుపు చేయగలిగాం కదా అన్నది రెండో అభ్యంతరం. అక్కడ ఆజ్ఞను ఒక దారిలో, వినియోగదారు ఇచ్చిన విలువను మరో దారిలో పంపే ఏర్పాటు ఉంది. విలువలో ఏం రాసినా డేటాబేస్ దాన్ని ఆజ్ఞగా అమలు చేయదు. భాషా మోడల్ లోపల అలాంటి రెండు దారులు లేవు.

కాబట్టి మోడల్ మోసపోతుందన్న లెక్కతోనే దాని చుట్టూ వ్యవస్థను కట్టాలి. రహస్య సమాచారాన్ని చదివే అధికారం, అపరిచితుల రాతలను చదివే అవకాశం, బయటికి ఏదైనా పంపే దారి, ఈ మూడూ ఒకేచోట చేరితేనే ఎకోలీక్ లాంటిది సాధ్యం. మూడింట్లో ఒకటి తీసేస్తే సౌకర్యం కొంత తగ్గుతుంది, కాదనను. బయటికి పంపే ప్రతిసారీ మనిషి అనుమతి అడిగితే పని నెమ్మదిస్తుంది. ఆ నష్టాన్ని భరించాల్సిందే. మీ సంస్థలో ఇలాంటి సహాయకుడిని పెడుతున్నవారిని ‘ఇది ఎంత తెలివైనది’ అని కాదు, ‘ఇది మోసపోయిన రోజున ఏమేం బయటికి పంపగలదు’ అని అడగండి.