కళ్లజోడుకు కంపెనీ ప్లాన్ ఎంత ఇస్తుంది?

అమెరికాలో ఉద్యోగంలో చేరగానే మనవాళ్లకు వచ్చే బెనిఫిట్స్ ఫారంలో మెడికల్, డెంటల్, విజన్ అని మూడు ఉంటాయి. మొదటి రెండింటి గురించి నలుగురినీ అడిగి తెలుసుకుంటారు. మూడోదానికి జీతంలోంచి పోయేది నెలకు పది డాలర్ల అటూఇటూ మాత్రమే కాబట్టి టిక్కు పెట్టేసి మరిచిపోతారు. మళ్లీ అది గుర్తొచ్చేది కళ్లజోడు షాపులో బిల్లు చేతికొచ్చినప్పుడే. ఇన్సూరెన్స్ ఉండగా జేబులోంచి రెండొందల డాలర్లు ఎందుకు కట్టాలన్నది అప్పుడు పుట్టే ప్రశ్న.

పేరుకు ఇన్సూరెన్సే గానీ విజన్ ప్లాన్ నడిచే తీరు వేరు. ఆసుపత్రి ఖర్చు ఎంత పెరిగితే అంత ఆదుకోవడం దీని పని కాదు. కంటి పరీక్షకు, ఫ్రేముకు, అద్దాలకు విడివిడిగా ఇంతని పరిమితి పెట్టి, ఇన్ని నెలలకోసారి వాడుకోమంటుంది. పరిమితి దాటిన ప్రతి డాలరూ ఉద్యోగిదే.

వీఎస్‌పీ, ఐమెడ్ లాంటి పెద్ద ప్లాన్లలో లెక్క దాదాపు ఒకేలా ఉంటుంది. పరీక్షకు పది ఇరవై డాలర్లు, కళ్లజోడుకు పాతిక దాకా కోపే కట్టాలి. ఫ్రేముకు 130 నుంచి 200 డాలర్ల వరకు అలవెన్స్ ఇస్తారు. దూరానికో దగ్గరికో వాడే మామూలు సింగిల్ విజన్ అద్దాలకు కోపే తప్ప అదనంగా ఏమీ ఉండదు. పరీక్ష, అద్దాలు ఏడాదికోసారి వస్తాయి. ఫ్రేము మాత్రం చాలా ప్లాన్లలో రెండేళ్లకోసారే. కాంటాక్ట్ లెన్సులు తీసుకుంటే అవి కళ్లజోడుకు బదులుగా లెక్కలోకి వస్తాయి. ఒకే ఏడాది రెండూ రావు.

డాలస్ శివార్లలో ఉంటున్న నలభై రెండేళ్ల ఇంజినీరుకు చత్వారం మొదలై ప్రోగ్రెసివ్ అద్దాలు అవసరమయ్యాయనుకుందాం. ప్లాన్‌లో పరీక్ష కోపే 10, కళ్లజోడు కోపే 25, ఫ్రేము అలవెన్స్ 150 డాలర్లు. అతనికి 220 డాలర్ల ఫ్రేము నచ్చింది. అలవెన్స్ పోగా మిగిలిన 70 మీద ప్లాన్ 20 శాతం తగ్గిస్తే 56 కట్టాలి. స్టాండర్డ్ ప్రోగ్రెసివ్‌కు అదనంగా 65, మెరుపు కొట్టకుండా వేసే యాంటీ రిఫ్లెక్టివ్ కోటింగ్‌కు 45. మొత్తం 201 డాలర్లు.

అలవెన్స్ లోపలి ఫ్రేమే తీసుకున్నా బిల్లు 145 దగ్గర ఆగుతుంది. ఎక్కువ భాగం అద్దాలదే మరి. షాపులో ఫ్రేము ధర అట్టముక్క మీద కనిపిస్తుంది. ప్రోగ్రెసివ్‌లో స్టాండర్డా ప్రీమియమా, కోటింగ్ ఏ రకం అన్నవి కౌంటరు దగ్గర నోటిమాటగా తేలిపోతాయి. ప్రీమియం రకానికి ఒప్పుకుంటే 65 కాస్తా వంద దాటవచ్చు. అందుకే ఆర్డరు ఖాయం చేయకముందే ప్లాన్ ఇచ్చేదెంత, తాను కట్టేదెంత అని పద్దుల వారీగా రాయించుకోవాలి. షాపు సొంత డిస్కౌంటును ప్లాన్‌తో కలపడం సాధారణంగా కుదరదు. ఒక్కోసారి ప్లాన్ వాడకుండా ఆఫర్‌లో కొంటేనే చవక. అప్పుడు ప్లాన్ వంతు మరో జోడుకు మిగులుతుంది.

ప్లాన్‌లో చేరిన షాపులో కొంటే క్లెయిమ్ పని వాళ్లే చూసుకుంటారు. పేరు, పుట్టిన తేదీ చెబితే ఏయే వంతు ఇంకా వాడలేదో వాళ్ల స్క్రీన్ మీద కనిపిస్తుంది. తిరకాసంతా బయటి షాపులోనో, ప్లాన్‌లో లేని వెబ్‌సైట్‌లోనో కొన్నప్పుడే. ముందు పూర్తి సొమ్ము కట్టి, తర్వాత రాబట్టుకోవాలి. అలా కొనడానికి డాక్టరు రాసిన చీటీ కావాలి. దాని కోసం బతిమాలనక్కర్లేదు. పరీక్ష అయిన వెంటనే, అడగకపోయినా, ఉచితంగా చీటీ ఇచ్చి తీరాలని 1978 నుంచి అక్కడి ఫెడరల్ నిబంధన ఉంది. కనుపాపల మధ్య దూరం, అంటే పీడీ, చీటీలో రాయాలన్న నియమం మాత్రం ఫెడరల్ స్థాయిలో లేదు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు దాన్ని విడిగా అడిగి రాయించుకోవడం మేలు.

క్లెయిమ్ ఫారం ప్లాన్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఉద్యోగి వివరాలు, కళ్లజోడు ఎవరిదో వాళ్ల పుట్టిన తేదీ, కొన్న తేదీ, షాపు పేరు, చిరునామా నింపి రసీదు జతచేయాలి. క్లెయిములు ఆగిపోయేది ఎక్కువగా ఆ రసీదు దగ్గరే. ‘కళ్లజోడు: 85 డాలర్లు’ అని ఒకే ముక్కగా ఉంటే లాభం లేదు. ఫ్రేము 45, సింగిల్ విజన్ అద్దాలు 40 అని విడగొట్టి ఉండాలి. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్ పనికిరాదు.

బయటి షాపులకు ప్లాన్ పరిమితులు బాగా తక్కువ. ఫ్రేముకు 70, సింగిల్ విజన్ అద్దాలకు 30 అనుకుంటే ఈ రసీదుకు 45, 30 కలిపి 75 వస్తాయి. ఫ్రేము పద్దులో మిగిలిన 25 అద్దాల పద్దులోకి మారదు. కొన్ని ప్లాన్లు ఇందులోంచి కోపే కూడా తీసేస్తాయి. పైగా ఆ 75తోనే ఆ విడత ఫ్రేము వంతు, అద్దాల వంతు రెండూ అయిపోయినట్టే.

మధుమేహం ఉన్నవాళ్లకు చేసే రెటీనా పరీక్ష, కన్ను ఎర్రబడటం, గ్లకోమా అనుమానం వంటివి మెడికల్ ఇన్సూరెన్స్ కిందికి వస్తాయి. సైటు చూసి నంబరు తేల్చడం విజన్ ప్లాన్ పని. రెండు కార్డులూ వెంట తీసుకెళ్లి, ఏ పరీక్షను దేనికి బిల్లు చేస్తారో ముందే అడిగితే తర్వాత అనుకోని బిల్లు ఇంటికి రాదు.

ప్లాన్ ఇవ్వగా మిగిలిన 201 డాలర్లకూ ఒక దారి ఉంది. పన్ను పడకముందే జీతంలోంచి పక్కన పెట్టుకునే ఎఫ్‌ఎస్‌ఏ ఖాతా నుంచి ఆ సొమ్ము కట్టవచ్చు. సైటు కళ్లజోడుకు, కాంటాక్ట్ లెన్సులకు, వాటి ద్రావణానికీ అది చెల్లుతుంది. 2025లో ఈ ఖాతా పరిమితి 3,300 డాలర్లు. వచ్చే ఏడాదికి కొంత సొమ్ము, 2025లోనైతే 660 వరకు, మిగుల్చుకునే వీలు కొన్ని కంపెనీల్లోనే ఉంది. మిగతా చోట్ల గడువులోగా వాడకపోతే ఆ సొమ్ము పోయినట్టే. ప్లాన్ ఇప్పటికే ఇచ్చిన సొమ్మును మళ్లీ ఎఫ్‌ఎస్‌ఏ నుంచి తీసుకోకూడదు.

అదే కంపెనీకి హైదరాబాద్‌లో పనిచేసేవాళ్ల పరిస్థితి వేరు. ఇక్కడి గ్రూప్ హెల్త్ పాలసీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరితే అయ్యే ఖర్చుకు. 7.5 డయాప్టర్లకు తక్కువున్న సైటును సరిచేసే చికిత్సలు ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో ఉన్నాయి. కళ్లజోడు ఖర్చు రావాలంటే కంపెనీ విడిగా ఓపీడీ కవర్ తీసుకుని ఉండాలి, అందులో కళ్లజోడు అని స్పష్టంగా రాసి ఉండాలి. హెచ్‌ఆర్‌ను అడగాల్సింది ఆ ఒక్క మాటే.

అమెరికాలో ఉన్నవాళ్లు చూసుకోవాల్సింది తేదీలు. పన్నెండు నెలలంటే కొన్ని ప్లాన్లలో జనవరి నుంచి డిసెంబరు, కొన్నింటిలో చివరిసారి వాడిన రోజు నుంచి లెక్క. బయటి రసీదు పంపడానికి చాలా ప్లాన్లు ఏడాది గడువిస్తాయి. అది దాటితే రసీదు ఎంత పక్కాగా ఉన్నా డబ్బు రాదు.