హోటల్ చెకిన్‌లో కార్డు గీకితే ఆగిపోయే డబ్బులు.. చెకౌట్ తర్వాత ఎప్పుడు వస్తాయి?

దుబాయ్‌లో పని చేస్తున్న కొడుకును చూడటానికి హైదరాబాద్ నుంచి తల్లిదండ్రులు వెళ్లారనుకుందాం. కొడుకు ఉండేది బెడ్‌స్పేస్‌లో. అందుకే దేరాలో 3 రాత్రులకు హోటల్ గది తీసుకున్నారు. అద్దె మొత్తం ముందే ఆన్‌లైన్‌లో కట్టేశారు. అయినా రిసెప్షన్‌లో పాస్‌పోర్టులతో పాటు కార్డు కూడా అడిగారు. తండ్రి డెబిట్ కార్డు ఇచ్చారు. రాత్రికి 200 దిర్హామ్‌ల చొప్పున 600 దిర్హామ్‌లకు మిషన్‌లో కార్డు పెట్టారు. వెంటనే ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. దిర్హామ్‌కు 24 రూపాయలు లెక్కేస్తే 14,400 రూపాయలు. ఖాతాలో ఉన్న 21,000లో వాడుకోవడానికి మిగిలింది 6,600 మాత్రమే.

"అద్దె కట్టేశాం కదా, మళ్లీ ఇదేంటి?" అని అడిగితే, "డిపాజిట్ అండీ, వెళ్లేటప్పుడు వచ్చేస్తుంది" అన్నారు. చెకౌట్ అయింది, ఇంటికి వచ్చేశారు. డబ్బులు మాత్రం కనపడలేదు. ఆలోగా 5వ తేదీ వచ్చింది. బండి లోన్ ఈఎంఐ 8,000 రూపాయలు ఖాతా నుంచి కట్ కావాలి. వాడుకునే బ్యాలెన్స్ చాలక అది బౌన్స్ అయింది, పైన చార్జీలు పడ్డాయి. తప్పు ఎక్కడ జరిగింది?

డబ్బులు హోటల్‌కు వెళ్లలేదు

చెకిన్‌లో జరిగేదాన్ని ప్రీ ఆథరైజేషన్ అంటారు. మామూలుగా హోల్డ్ అంటారు. గదిలో ఏమైనా పగిలినా, లాండ్రీ, భోజనం బిల్లు మిగిలినా వసూలు చేసుకోవడానికి హోటల్ ముందు జాగ్రత్తగా ఇలా చేస్తుంది. 'ఈ కార్డు మీద 600 దిర్హామ్‌లు ఉన్నాయా, పక్కన పెడతారా?' అని హోటల్ మిషన్ మన బ్యాంకును అడుగుతుంది. బ్యాంకు సరేనంటే ఒక అప్రూవల్ కోడ్ ఇస్తుంది. అది స్లిప్ మీద ప్రింట్ అవుతుంది. డబ్బులు మన ఖాతాలోనే ఉంటాయి, కానీ తాళం వేసినట్టు. మనం తీయలేం, హోటల్‌కూ ఇంకా చేరలేదు.

చెకౌట్ రోజు హోటల్ రెండింట్లో ఒకటి చేయాలి. బిల్లు ఉంటే అదే అప్రూవల్ కోడ్ మీద ఆ మొత్తాన్ని మాత్రమే తీసుకుని మిగతాది వదిలేయాలి. బిల్లు ఏమీ లేకపోతే హోల్డ్ మొత్తం రద్దు చేయాలి. ఈ సమాచారం హోటల్ మిషన్ నుంచి మన బ్యాంకుకు చేరితేనే తాళం తెరుచుకుంటుంది.

ఆ కుటుంబం విషయంలో జరిగింది ఇదీ

దుబాయ్‌లో హోటల్ స్థాయిని బట్టి గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హామ్‌ల వరకు టూరిజం దిర్హామ్ అనే ఫీజు ఉంటుంది. వీళ్ల హోటల్‌లో అది 10. అంటే 3 రాత్రులకు 30. లాండ్రీ 50. మొత్తం బిల్లు 80 దిర్హామ్‌లు. జేబులో చిల్లర దిర్హామ్‌లు మిగిలాయని తండ్రి నగదు ఇచ్చేశారు. రసీదు తీసుకుని ఎయిర్‌పోర్ట్‌కు బయల్దేరారు.

నగదు కట్టిన సంగతి ఇండియాలోని బ్యాంకుకు ఎలా తెలుస్తుంది? తెలియదు. హోటల్‌లో ఎవరో ఒకరు మిషన్‌లో ఆ 600 హోల్డ్‌ను విడిగా రద్దు చేయాలి. కౌంటర్ రద్దీలో అది మరిచిపోయారు. వేరే కార్డుతో బిల్లు కట్టినా, అదే కార్డుతో కొత్తగా సేల్ కొట్టినా ఇదే సమస్య. కొత్త బిల్లూ పడుతుంది, పాత హోల్డూ అలాగే ఉంటుంది. మెసేజ్‌లు చూసిన వాళ్లకు రెండుసార్లు కట్ అయినట్టు అనిపిస్తుంది.

ఎన్ని రోజులు?

హోటల్ చెకౌట్ రోజే రద్దు చేస్తే కొన్ని బ్యాంకుల్లో ఆ రోజే, కొన్నింట్లో కొన్ని పనిదినాల్లో బ్యాలెన్స్ మామూలుగా కనిపిస్తుంది. హోటల్ ఏమీ చేయకపోతే గడువు ముగిసే దాకా ఆగాలి. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో హోటల్ హోల్డ్‌కు సుమారు 30 రోజుల వరకు వీలుంది. అంతకు ముందే వదిలేసే బ్యాంకులూ ఉన్నాయి. గడువు దాటితే హోల్డ్ దానంతట అదే పోతుంది. డబ్బులు మునిగిపోవు గానీ, ఈఎంఐ తేదీ మన కోసం ఆగదు.

క్రెడిట్ కార్డు మీద హోల్డ్ పడితే లిమిట్ తగ్గుతుంది అంతే. అది బిల్లులోకి రాదు, వడ్డీ పడదు. డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డుల్లో మాత్రం ఆగేది మన సొంత డబ్బు. వడ్డీ జోలికి వెళ్లకూడదని క్రెడిట్ కార్డు పెట్టుకోని కుటుంబాలకు ఈ ఇబ్బంది ఎక్కువ. అలాంటి వాళ్లు డిపాజిట్ నగదుగా తీసుకుంటారా అని ముందే అడగొచ్చు. చాలా హోటళ్లు తీసుకుంటాయి. రసీదు మాత్రం భద్రంగా పెట్టుకోవాలి.

స్లిప్ మీద ఏముందో చూడండి

హోల్డ్ పడినా, డబ్బు నిజంగా కట్ అయినా బ్యాంకు మెసేజ్ దాదాపు ఒకేలా ఉంటుంది. తేడా తెలిసేది స్లిప్‌లోనే. దాని మీద PRE-AUTH అని ఉంటే హోల్డ్. SALE అని ఉంటే డబ్బు నిజంగానే తీసుకున్నారు. తర్వాత తిరిగి ఇచ్చినా అది రిఫండ్ అవుతుంది. విదేశాల్లో ఈ తేడాకు ఖరీదు ఉంది. 14,400 రూపాయల మీద బ్యాంకు 3.5 శాతం ఫారిన్ మార్కప్ వేస్తే 504 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 91. రిఫండ్ రోజున దిర్హామ్ 23.80కి దిగితే వచ్చేది 14,280. మార్కప్ వెనక్కి ఇవ్వకపోతే మొత్తం 715 రూపాయల నష్టం. హోల్డ్ మొత్తం రద్దయితే ఇవేవీ పడవు. అందుకే SALE అని కనిపిస్తే అక్కడికక్కడే రద్దు చేయించి, ప్రీ ఆథరైజేషన్ చేయమనండి.

చెకౌట్‌లో, ఆ తర్వాత

చెకిన్ స్లిప్ పారేయకండి. చెకౌట్‌లో అది చూపించి, "ఈ హోల్డ్ రద్దు చేసి స్లిప్ ఇవ్వండి" అని అడగండి. బిల్లు కార్డుతోనే కట్టాలంటే కొత్త సేల్ కాకుండా పాత హోల్డ్ లోంచే తీసుకోమనండి.

ఇంటికొచ్చాక వారంలోగా డబ్బులు కనపడకపోతే ముందు హోటల్‌కే ఈమెయిల్ పెట్టండి. అప్రూవల్ కోడ్, తేదీ, మొత్తం, కార్డు చివరి 4 అంకెలు రాసి, హోల్డ్ వదిలేస్తున్నట్టు లెటర్‌హెడ్ మీద ఉత్తరం అడగండి. కార్డు నంబర్ మొత్తం, ఓటీపీ ఎవరికీ పంపొద్దు. ఆ ఉత్తరం బ్యాంకుకు ఇస్తే గడువుకు ముందే హోల్డ్ తీసేసే అవకాశం ఉంటుంది. గడువు దాటినా తీయకపోతే బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు.

ఆ తండ్రి చివరికి చేసిందీ అదే. కొడుకు హోటల్‌కు వెళ్లి ఉత్తరం రాయించి పంపాడు. దాన్ని బ్యాంకు బ్రాంచ్‌లో ఇచ్చాక 14,400 రూపాయలు మళ్లీ వాడుకునే బ్యాలెన్స్‌లోకి వచ్చాయి. ఈఎంఐ బౌన్స్ చార్జీలు మాత్రం రాలేదు.