లాభం 6 లక్షలు, చేతికొచ్చింది లక్షే

ఒక టోకు బట్టల కంపెనీ ఏడాదికి 50 లక్షల అమ్మకాలు చేసింది. సరుకు ఖర్చు 34 లక్షలు, జీతాలూ అద్దె 8 లక్షలు, తరుగుదల 2 లక్షలు పోగా లాభం 6 లక్షలు. పన్నును పక్కన పెడదాం. మరి బ్యాంకులో ఎంత పెరిగింది?

ప్రత్యక్ష పద్ధతి వచ్చిన డబ్బు, పోయిన డబ్బు అలాగే చూపిస్తుంది. ఖాతాదారుల బాకీలు 6 లక్షల నుంచి 11 లక్షలకు పెరిగాయి కాబట్టి వసూలైంది 45 లక్షలే. సరుకు ఇచ్చినవాళ్లకు పాత బాకీ 2 లక్షలు కలిపి 36 లక్షలు కట్టారు. జీతాలూ అద్దె 8 లక్షలు. మిగిలింది లక్ష.

పరోక్ష పద్ధతి లాభంతో మొదలవుతుంది. 6 లక్షలకు, నగదు కదలని తరుగుదల 2 లక్షలు కలిపి, పెరిగిన బాకీల 5 లక్షలు, తీర్చిన అప్పు 2 లక్షలు తీసేస్తే మళ్లీ లక్షే. తేడా ఈ వ్యాపార కార్యకలాపాల భాగంలోనే. పెట్టుబడులు, రుణాల భాగాలు రెండింటిలోనూ ఒకటే.

లాభం ఎక్కడ ఇరుక్కుందో పరోక్షం చెబుతుంది, కానీ ఖాతాదారుల నుంచి 45 లక్షలు వచ్చాయన్న మాట అందులో ఎక్కడా కనపడదు. అప్పిచ్చేవాడికి కావలసింది ఆ అంకే. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 7 ప్రత్యక్ష పద్ధతినే ప్రోత్సహిస్తుంది. మన దేశంలో లిస్టెడ్ కంపెనీలకు సెబీ మాత్రం పరోక్షాన్నే నిర్దేశించింది.