రెండు క్లిప్పులు, ఒకే క్షణం

మా అక్క కొడుకు ఫాస్ట్ బౌలింగ్ వేస్తాడు. బంతి వదిలేటప్పుడు వాడి తల ఎడమ పక్కకి ఒరిగిపోతోందని కోచ్ ఎన్నిసార్లు చెప్పినా వాడికి నమ్మకం కుదర్లేదు. ఆర్నెల్లు సాధన చేశాక, పాత వీడియోనీ కొత్త వీడియోనీ పక్కపక్కన పెట్టి చూపిద్దామని ఫోన్‌లో స్ప్లిట్ స్క్రీన్ చేయడానికి కూర్చున్నాను. స్క్రీన్‌ని రెండుగా చీల్చడం రెండు నిమిషాల పని. ఆ రెండు సగాల్నీ నిజంగా పోల్చదగ్గట్టు చేయడానికి మాత్రం సాయంత్రమంతా పట్టింది.

మామూలు అడ్డం వీడియో వెడల్పు 1920 పిక్సెళ్లు, ఎత్తు 1080. సగం స్క్రీన్ అంటే వెడల్పు 960కి పడిపోతుంది, ఎత్తు మాత్రం అంతే ఉంటుంది. వీడియో మొత్తాన్ని అందులో ఇరికిస్తే పైనా కిందా నల్లటి పట్టీలు మిగిలి మనిషి చిన్నగా కనిపిస్తాడు. సాగదీసి నింపితే మనిషి సన్నగా పొడుగ్గా మారిపోతాడు. అందుకే రెండు పక్కలా కోసేసి, బౌలర్ ఉన్న నడిమి 960 పిక్సెళ్లే ఉంచాను. నిలువుగా కదిలే మనిషికి అంత చోటు చాలు.

తర్వాత సైజు. రెండూ నెట్స్‌లో, బ్యాట్స్‌మన్ వైపు నుంచి తీసినవే. కానీ పాతది కాస్త దూరం నుంచి తీశాం. బౌలర్ పక్కనున్న స్టంపులే కొలబద్ద అయ్యాయి. వాటి ఎత్తు ఎక్కడైనా 28 అంగుళాలే కదా! పాత వీడియోలో అవి 90 పిక్సెళ్లు, కొత్తదాంట్లో 120. పాతదాన్ని 133 శాతానికి పెంచితే రెండూ సమానమయ్యాయి. కాస్త మసకబారింది, అయినా పోలిక నిలిచింది.

అసలు చిక్కు టైమింగ్ దగ్గర వచ్చింది. మొదట రెండు క్లిప్పుల్నీ రనప్ మొదలు దగ్గర కలిపాను. కొత్త రనప్ ఒక అడుగు పొడవు. దాంతో ఎడమ సగంలో బంతి చేయి దాటిపోయినా, కుడి సగంలో వాడింకా గాల్లోనే ఉన్నాడు. అప్పుడు ముందు కాలు నేలకి తగిలే క్షణాన్ని పట్టుకున్నాను. రెండింటిలోనూ ఒక్కో ఫ్రేమే జరుపుతూ, మడమ ఆనిన ఫ్రేమ్ దగ్గర మార్కర్ పెట్టి, ఆ రెండు మార్కర్లనీ ఒకే గీతమీదికి తెచ్చాను. సెకనుకి 30 ఫ్రేములున్న వీడియోలో రెండు ఫ్రేములు తప్పినా చేయి ఎక్కడో ఉంటుంది.

మొదలూ చివరా రెండూ కలవాలని ఒక క్లిప్పు వేగం పెంచాలనిపిస్తుంది. ఆ పని చేయకూడదు. చేయి తిరిగే వేగంలోని తేడా కూడా మనం చూడాల్సిందే, వేగం మారిస్తే అది మాయమైపోతుంది. ఒకటి స్లో మోషన్‌లో తీసి ఉంటే మాత్రం ముందు దాన్ని అసలు వేగానికి తేవాలి.

మడమ ఆనిన ఫ్రేమ్ దగ్గర ఆపాను. ఎడమ సగంలో తల ముందు కాలిని దాటి పక్కకి వాలి ఉంది. కుడి సగంలో సరిగ్గా కాలి మీదే ఉంది. వాడు మాట్లాడకుండా మూడుసార్లు చూశాడు.

ఇది చూస్తూ కోచ్ చెప్పే మాటల్ని మూలన చిన్న పెట్టెలో చేర్చాం. దీన్నే పిక్చర్ ఇన్ పిక్చర్ అంటారు. సినిమా ట్రైలర్‌కి రియాక్షన్ వీడియో చేసేవాళ్లు వాడేదీ ఇదే. పెట్టె వెడల్పు స్క్రీన్‌లో పావువంతు, అంటే 480 పిక్సెళ్లు పెట్టాం. కింద పెడితే పాదాలు కప్పుకుపోతాయి. వాడిది కుడిచేతి వాటం, ఎదురుగా తీసిన వీడియోలో ఆ చేయి మనకి ఎడమవైపు లేస్తుంది. కాబట్టి కుడి సగంలో పైన కుడి మూల ఖాళీ. పెట్టె అక్కడ పెట్టాం.

పెట్టె కుడివైపున్నప్పుడు అందులోని మనిషి చూపు ఎడమకి, అంటే అసలు బొమ్మ వైపుకి ఉండాలి. లేకపోతే దేన్నో చూస్తున్నట్టుంటుంది. అందుకని కెమెరాని కోచ్‌కి ఎడమ పక్కన, ఆయన చూసే తెరని కుడి పక్కన ఉంచాం.

ఇక్కడా రెండు క్లిప్పుల్ని కలిపే క్షణం ఒకటి కావాలి. పోలిక వీడియో ముందు మూడు, రెండు, ఒకటి అని అంకెలు పెట్టి, ‘ఒకటి’ దగ్గర కోచ్‌ని చప్పట్లు కొట్టమన్నాను. ఎడిటింగ్‌లో ఆ చప్పుడు ఆ అంకె మీద కూర్చుంటే చాలు. ఆయన మధ్యలో ఆపి వివరించిన చోట అసలు వీడియోనీ అదే ఫ్రేమ్ దగ్గర నిలిపి ఉంచాను. అలా నిలపకపోతే తర్వాతి ప్రతి మాటా ఆలస్యంగా పడుతుంది.

వింటున్నంతసేపూ ఆయనకి ఇయర్‌ఫోన్స్ పెట్టాం. స్పీకర్‌లో వింటే ఆ శబ్దం మైక్‌లోకి దూరి, ఎడిటింగ్‌లో ప్రతి చప్పుడూ రెండుసార్లు వినిపిస్తుంది. దాన్ని తర్వాత విడదీయడం దాదాపు అసాధ్యం.

వీడియో చూశాక మావాడు ఒకే మాట అడిగాడు: “మామయ్యా, వచ్చే నెల కూడా ఇక్కణ్నుంచే తీస్తావా?” కెమెరా స్టాండ్ పెట్టిన చోట నేలమీద సుద్దతో గుర్తు గీసి వచ్చాం.