తూలుడు తగ్గకపోతే

తాగి వచ్చిన మనిషి తూలితే మన యిళ్ళలో ఎవరూ వైద్యుణ్ణి పిలవరు. పడుకోబెడతారు, పొద్దునకు దిగుతుందంటారు. అయితే ఆ మనిషి బైపోలార్ జబ్బుకు లిథియం మాత్రలు వాడుతున్నవాడైతే ఈ అలవాటు ప్రాణం మీదికి తేవచ్చును.

లిథియం ఉప్పుకు చుట్టం వంటి లవణం. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ అది ఉన్మాదానికి పనిచేస్తుందని ప్రకటించాడు. నేటికీ అది మేలైన మందే. దాని చిక్కల్లా, మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ నడుమ ఎడం తక్కువ కావడం. రాత్రి మాత్ర వేసిన 12 గంటలకు తీసిన రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ దాకా ఉంటే సరి. 1.5 దాటితే భయపడవలసిందే.

ఉద్దనపల్లి నుంచి హోసూరు తేరుకు వెళ్ళిన ఒక యువకుణ్ణి ఊహించుకుందాము. రోజుకు 900 మిల్లీగ్రాముల లిథియం, రక్తంలో 0.8. స్నేహితులతో బాగా తాగాడు. సారాయి ఒంట్లోని నీటిని మూత్రంగా తోడేస్తుంది. తెల్లవారి వాంతులతో ఉప్పూ పోయింది. ఎండ సరేసరి. ఉప్పు కరువైతే మూత్రపిండాలు ఉన్న ఉప్పును పోనివ్వవు, దానితో పాటు లిథియాన్నీ పట్టి ఉంచుతాయి. తలనొప్పికి అంగట్లో డైక్లోఫెనాక్ మాత్ర కొని మింగాడు. అది మూత్రపిండాలకు మరింత అడ్డు. (ఐబుప్రొఫెన్ కూడా అంతే.) లిథియం మాత్రలు మాత్రం వేళకు వేసుకుంటూనే ఉన్నాడు, పాపం!

మూడోనాడు చేతులు బలంగా వణికాయి, విరేచనాలు పట్టాయి, నాలుక తడబడింది, కాళ్ళు తూలాయి. ఇంట్లోవాళ్ళు "మళ్ళీ తాగొచ్చినావా?" అన్నారు. అతడు రెండు రోజులుగా చుక్క ముట్టలేదు.

గుర్తు ఇక్కడే ఉన్నది. తాగిన మత్తు గంట గంటకూ దిగుతుంది. లిథియం విషం ఎక్కుతూ పోతుంది. నోట సారాయి వాసన ఉన్నంత మాత్రాన ఇది కాదని తోసివేయరాదు, రెండూ కలిసి ఉండవచ్చును.

అప్పుడు తరువాతి లిథియం మాత్ర ఆపి, అన్ని మందుల చీట్లతో ఆనాడే హోసూరు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. "లిథియం వాడుతున్నాడు" అన్నది మొదటి మాట కావాలి. లేకుంటే అక్కడా తాగుబోతు కిందనే జమకడతారు. రక్తంలో లిథియం, మూత్రపిండాల పని చూచి సెలైను ఎక్కిస్తారు. మరీ ముదిరితే డయాలిసిస్ చేస్తారు. ఆలస్యమైతే తూలుడు జీవితాంతం మిగిలిపోయేవారూ కద్దు.

కొందరు తెలివిగా, తాగే రోజున మాత్ర మానేస్తారు. అదీ తప్పే, మానిన మాత్ర జబ్బును తిరగబెడుతుంది. స్కిజోఫ్రెనియాకు ఓలాంజపిన్, క్లోజపిన్ వంటివి వాడేవారికి చిక్కు వేరు: సారాయి తోడైతే నిద్రమత్తు రెట్టింపై, లేవగానే రక్తపోటు పడిపోయి కూలబడతారు. వాల్‌ప్రోయేట్ వాడేవారికి కాలేయం మీద భారం.

ఆపిన లిథియాన్ని మళ్ళీ ఎప్పుడు, ఎంతతో మొదలుపెట్టాలో వైద్యుడే తేల్చాలి. బెంగళూరు నిమ్హాన్స్ మనకు ఆ హోసూరు రోడ్డు మీదనే ఉన్నది. అక్కడ ఎంత తాగేదీ దాచకుండా చెప్పితే మోతాదు సరిచేయడం వారికి తేలిక.