ఐన్‌స్టైన్ 1905a ఏది?

1905లో ‘అన్నాలెన్ డేర్ ఫిజీక్’ అనే జర్మన్ పత్రికలో ఐన్‌స్టైన్ రాసిన నాలుగు ప్రసిద్ధ వ్యాసాలు వచ్చాయి. మొదటిది కాంతి గురించి, రెండోది ద్రవంలో తేలే రేణువుల కదలిక గురించి, మూడోది సాపేక్షత గురించి. E=mc²కి మూలమైనది నాలుగోది, చివర వచ్చింది. పరిశోధన వ్యాసంలో వాక్యం చివర కుండలీకరణాల్లో రచయిత పేరూ సంవత్సరమూ ఇచ్చే పద్ధతిలో ఈ నాలుగూ ‘ఐన్‌స్టైన్ 1905’ అయిపోతాయి. ఏది ఏదో తెలియడానికే సంవత్సరం పక్కన a, b, c, d అని చేరుస్తారు.

మరి a దేనికి? ముందు అచ్చయిన కాంతి వ్యాసానికి అనుకుంటాం. కాదు. ఏపీఏ, షికాగో పద్ధతులు రెండూ సంవత్సరం ఒకటే అయినప్పుడు శీర్షికల అక్షర క్రమం చూడమంటాయి. జర్మన్‌లో ఆ శీర్షికల తొలి మాటలు ‘ఇస్ట్’, ‘ఊబర్ డీ’, ‘ఊబర్ ఐనెన్’, ‘త్సూర్’. ఇస్ట్ I తో మొదలవుతుంది కాబట్టి అన్నిటికన్నా చివర వచ్చిన E=mc² వ్యాసం 1905a అవుతుంది. రేణువులది b, కాంతిది c, సాపేక్షతది d. అదే ఇంగ్లీషు శీర్షికలతో జాబితా వేస్తే E=mc² వ్యాసం a గానే ఉంటుంది గానీ కాంతి b కి, సాపేక్షత c కి, రేణువులు d కి మారతాయి.

అంటే ఆ అక్షరం వ్యాసానికి పుట్టుమచ్చ కాదు, ఆ ఒక్క జాబితాలో దాని స్థానం మాత్రమే. ఐన్‌స్టైన్ సమగ్ర రచనల సంపాదకులు ఆయన రాసిన చిన్న చిన్న సమీక్షలను కూడా లెక్కలోకి తీసుకున్నారు. వాళ్ల దగ్గర సాపేక్షత వ్యాసం 1905r. ఇంకొకరి పుస్తకంలోంచి అక్షరంతో సహా ఎత్తి రాసుకుంటే దొరికిపోయేది ఇక్కడే: మీ జాబితాలో నాలుగే ఉంటాయి, వాక్యంలో r కనిపిస్తుంది.

వేర్వేరు సంవత్సరాలవైతే పాతది ముందు, కొత్తది తర్వాత. అక్షరాల అవసరమే లేదు. చిక్కు వచ్చేది సహరచయితలు ఉన్నప్పుడు. 1910లో ఐన్‌స్టైన్, హోఫ్ కలిసి రాసిన వ్యాసాలు ఐన్‌స్టైన్ ఒక్కడే 1916లో రాసినదాని తర్వాతే వస్తాయి. ఒంటరి రచనలన్నీ అయ్యాకే జంట రచనలు. ఆ జంట వ్యాసాలకు అక్షరాలు మళ్లీ a నుంచే మొదలవుతాయి, ఎందుకంటే రచయితల పేర్లన్నీ అచ్చంగా ఒకటైతేనే ఒకే వరస.

రాస్తూ రాస్తూ అక్షరాలు పెట్టుకుంటూ పోవడం అన్నిటికన్నా ప్రమాదం. సగం రాశాక ఐన్‌స్టైన్ సిద్ధాంత వ్యాసం 1905 ముద్రణ కూడా చేర్చారనుకోండి. దాని జర్మన్ శీర్షిక ‘ఐనె’ అనే మాటతో, అంటే E తో మొదలవుతుంది. అది ‘ఒక’ అని అర్థమిచ్చే ఆర్టికల్. దాన్ని వదిలేసి తర్వాతి మాట ‘నోయె’లోని N చూడాలి. అప్పుడు అది I కి, U కి మధ్య చేరి b అవుతుంది. పాత b, c, d లు c, d, e లుగా జరుగుతాయి. జాబితాలో సరిచేయడం సులువే, వాక్యాల్లో మాత్రం పాత b అలాగే ఉండిపోయి తప్పు వ్యాసాన్ని చూపిస్తుంది. అందుకే చిత్తుప్రతిలో ‘ఐన్‌స్టైన్ 1905 కాంతి’ అని గుర్తు రాసుకుని, జాబితా ఖాయమయ్యాకే అక్షరాలు వేయాలి.