డూప్ చెమట, హీరో మొటిమ

ఫైట్ సీన్లో డూప్ ముఖం తీసేసి హీరో ముఖం అతికించేటప్పుడు రంగు కలపడం ఎలాగోలా అయిపోతుంది. చిక్కంతా మెరుపుతోనే. డూప్ ఎండలో చెమటలు కక్కుతూ దూకి ఉంటాడు. హీరో ముఖాన్నేమో ఏసీ స్టూడియోలో, పౌడర్ అద్ది తీసి ఉంటారు.

మచ్చ, మొటిమ చర్మానివి. తల తిప్పితే దానితోపాటే తిరుగుతాయి. జిడ్డు మెరుపు మాత్రం లైటు, కెమెరా ఉన్న కోణాన్ని బట్టి చర్మం మీద జారుతుంది. కాబట్టి రెంటినీ విడదీయాలి. లైట్లకూ లెన్సుకూ పోలరైజింగ్ ఫిల్టర్లను ఒకదానికొకటి అడ్డదిశలో పెట్టి తీస్తే హీరో ముఖంలో మెరుపు దాదాపు మాయమై మచ్చలు, మొటిమలు మిగులుతాయి. దానిమీద డూప్ షాట్‌లోని మెరుపును పొరగా కలుపుతారు.

ఇక్కడే ఒక తంటా. డూప్ నుదుటిమీద మొటిమ ఉంటే, దాని కొసన మెరిసే చుక్క కూడా హీరో నున్నటి నుదుటికి వచ్చేస్తుంది. దాన్ని ఫ్రేముల వెంట వెతికి చెరపాల్సిందే. తల తిరిగినా మెరుపు చెంపకే అతుక్కుని కనిపిస్తే పని చెడినట్టే. ఇక షాట్‌లో చెమట పూర్తిగా తెల్లగా కాలిపోయిందా, అందులోంచి తీయడానికి వివరమేమీ ఉండదు. మెరుపును కంప్యూటర్‌లో కొత్తగా పుట్టించాలి.